వీరభద్ర కిరాణా బోర్డు: ఒక్కో అక్షరం ఎలా కుదిరింది

మా ఫ్లెక్స్ షాపుకి వచ్చే కిరాణా బోర్డుల్లో చాలావాటికి డిజైన్ అంటూ ఏమీ ఉండదు. పాత ఫైల్ తెరుస్తాం, పేరు మారుస్తాం, ఫోన్ నంబరు మారుస్తాం, మెషీన్‌కి పంపిస్తాం. ఈ బోర్డు అలా కాలేదు. దీన్ని గీసింది కిరాణా షాపు యజమానే. నేను పక్కన కూర్చుని చూపించాను, చివర్లో ప్రింటు వేశాను. తెలుగు అక్షరాలతో బోర్డు చేసేవాళ్లకి రోజూ ఎదురయ్యే చిక్కులన్నీ ఈ ఒక్క పనిలోనే వచ్చాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

షాపు రాజమండ్రి వైపు ఒక పల్లెలో ఉంది. పడమటి ముఖం. రోడ్డు అవతలి అంచుకి షాపుకి మధ్య 40 అడుగులు. ఆటోలు ఆగే సెంటర్ నుంచి 100 అడుగులు. యజమానికి యాభై దాటాయి, నేను బాబాయ్ గారూ అంటాను. అంతకుముందు అక్కడ ఉన్నది ఒక కూల్‌డ్రింక్ కంపెనీ ఉచితంగా ఇచ్చిన బోర్డు. ముప్పాతిక భాగం కంపెనీ పేరు, సీసా బొమ్మ. షాపు పేరు అడుగున ఒక పట్టీలో. సెంటర్లో దిగినవాళ్లు షాపుని ఆ డ్రింకు పేరుతోనే అడుగుతున్నారని ఆయన బాధ.

"మన పేరు మనం రాసుకుందాం అబ్బాయ్. నువ్వు గీసివ్వడం కాదు, నాకు నేర్పు" అన్నారు.

ఆయన అప్పటికే ఒకటి చేసి తెచ్చారు. ఫోన్‌లో ఫోటోల యాప్‌లో పేరు టైపు చేసి, రెండు వేళ్లతో లాగి, 10 అడుగుల వెడల్పుకి సరిపోయేలా సాగదీశారు. బంగారు రంగు, నల్ల నీడ, వెనక దేవుడి బొమ్మ, పక్కన మనవడి ఫోటో. పైవరసలో "శ్రీ వీరభద్ర", కింది వరసలో "కిరాణా జనరల్ స్టోర్స్", ఆ కింద పది రకాల సరుకుల పేర్లు.

దాన్ని చూసి బాగాలేదని నేను చెప్పలేదు. స్క్రీన్ మీద "ర" ఒక్కటే పెద్దది చేసి చూపించాను. తెలుగులో ర అంటే ఇంచుమించు ఒక సున్నా, పైన తలకట్టు. అడ్డంగా సాగదీసేసరికి ఆ సున్నా కోడిగుడ్డు అయింది. నిలువు గీతలు లావెక్కి, అడ్డగీతలు అలాగే ఉండిపోయాయి. ఇంగ్లీషులో H లాంటి అక్షరాన్ని లాగితే కొంతవరకు చెల్లిపోతుంది. మన అక్షరాలు చాలావరకు గుండ్రనివి, గుండ్రం చెడితే చదువురానివాళ్లకి కూడా ఏదో తేడాగా కనిపిస్తుంది. ఆయన కాసేపు చూసి, "అయితే లాగకుండా 10 అడుగులు ఎలా నింపాలి?" అని అడిగారు. అసలు పని అక్కడ మొదలైంది.

ముందు ఎత్తు లెక్క

బోర్డు 10 అడుగులు, 3 అడుగులు. అంటే 120 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల ఎత్తు. మా పనిలో ఒక మోటు లెక్క ఉంది: 10 అడుగుల దూరానికి అంగుళం చొప్పున అక్షరం ఎత్తు ఉంటే హాయిగా చదువుతారు. 100 అడుగుల నుంచి చదవాలంటే 10 అంగుళాలు కావాలి, 9 ఉన్నా ఇంచుమించు సరిపోతుంది. ఈ లెక్క ఇంగ్లీషు పెద్దక్షరాల కోసం పుట్టింది. తెలుగుకి వాడేటప్పుడు ఆ 9 అంగుళాలూ అక్షరం ఒంటికి ఇవ్వాలి. పైనున్న గుడినీ కిందున్న ఒత్తునీ అందులో కలపకూడదు.

ఇక్కడే చాలా బోర్డులు చెడతాయి. "వీ" మీద గుడి దీర్ఘం, "ద్ర" కింద క్రావడి, రెండూ కలుపుకుంటే 9 అంగుళాల అక్షరానికి 18 అంగుళాల చోటు కావాలి. 36లో సగం ఒక్క వరసకే పోయింది. మరి వెడల్పు? శ్రీ, వీ, ర, భ, ద్ర అన్నీ కలిపి 60 అంగుళాలు దాటవు, అంటే మిగతా సగం ఖాళీ. ఆ ఖాళీ నింపడానికే అందరూ అడ్డంగా లాగుతారు. పైగా రెండో వరసలో వచ్చే "కి" గుడి వెళ్లి మొదటి వరసలోని "ద్ర" ఒత్తుకి తగులుతుంది. తగలకూడదని వరసల మధ్య ఎడం పెడితే ఎత్తు చాలదు, అక్షరం చిన్నదవుతుంది.

బాబాయ్ గారు ఈ లెక్కని పద్దుల పుస్తకం వెనక పేజీలో వేశారు. ఒక గడి ఒక అంగుళం అనుకుని, ప్రతి అక్షరానికీ ఎన్ని గడులో రాసుకున్నారు. వేశాక ఆయనే అన్నారు, "రెండు వరసలు ఎందుకు? కిరాణా కూడా పక్కనే పెట్టేస్తే?"

లెక్క కుదిరింది. "వీరభద్ర" 43 అంగుళాలు, "కిరాణా" 41, మాటల మధ్య 7, ముందు చిన్న "శ్రీ", దాని తర్వాతి ఎడం కలిపి 13. మొత్తం 104. రెండు పక్కలా ఎనిమిదేసి అంగుళాల అంచు మిగిలింది. సాగదీయనవసరం లేదు, వరసలు తగులుకునే గొడవా లేదు. ఆయన వేసిన ఈ లెక్క నాకు తట్టలేదని కాదు గానీ, నేను చెప్పి ఉంటే తర్వాతి నిర్ణయాలన్నీ నన్నే అడిగేవారు.

శ్రీ దగ్గర మాత్రం మాకు వాదన జరిగింది. తీసేస్తే మిగతా అక్షరాలు ఇంకొంచెం పెరుగుతాయని నా మాట. "శ్రీ లేకుండా బోర్డేంటి అబ్బాయ్, మా నాన్న పద్దుల పుస్తకంలో కూడా శ్రీతోనే మొదలుపెట్టేవాడు" అన్నారు. దాంతో శ్రీ ఉండిపోయింది, కాకపోతే మూడింట రెండొంతుల సైజులో. అలా చేస్తే దాని ఒత్తు మరీ కిందికి దిగదు. చిన్నది చేసినప్పుడు గీత కూడా సన్నబడి, పక్కనున్న పెద్దక్షరాల ముందు నీరసంగా కనిపిస్తుంది. అందుకని శ్రీకి మాత్రం ఒక మెట్టు లావు ఎక్కువ ఉన్న అక్షరం తీసుకున్నాం. పూర్తయిన బోర్డు చూస్తే ఈ తేడా ఎవరికీ తెలియదు.

ఏ అక్షరం

మా షాపులో ఎక్కువ పని యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతోనే. వాటిలో గుడి, దీర్ఘం, ఒత్తు అన్నీ విడి ముక్కలు. అక్షరాల మధ్య ఎడం పెంచితే "రా"లో ర ఒక చోట, దీర్ఘం ఇంకో చోట పడతాయి. అలవాటున్నవాళ్లకి ఇబ్బంది లేదు, కొత్తవాళ్లకి నరకం. అందుకే ఆయన కూతురి లాప్‌టాప్‌లో ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ వేశాను. అది ఉచితం. యూనికోడ్ తెలుగుని, అంటే ఫోన్‌లో టైపు చేసే తెలుగుని, సరిగ్గా చూపిస్తుంది, ఎడం పెంచినా ఒత్తులు ఊడిపోవు. టైపు చేయడం ఆయనకి ఫోన్‌లోనే అలవాటు. వాట్సాప్‌లో రాసి కూతురికి పంపేవారు, ఆ అమ్మాయి కాపీ చేసి పేస్ట్ చేసేది.

ఫాంట్ల కోసం ఉచితంగా దొరికేవే చూశాం. సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన రామభద్ర, మండలి, సూరన్న, ఏక్ టైప్ వాళ్ల అనేక్ తెలుగు. ఇవన్నీ వ్యాపారానికి వాడుకోవచ్చు, అక్షరాన్ని మార్చి గీసుకోవచ్చు కూడా. ఆయన చెయ్యి ముందు రామభద్ర మీదికే వెళ్లింది, పేరు కూడా దగ్గరగా ఉందని. లావు అక్షరం, చూడగానే నిండుగా ఉంది.

నిండుగా ఉందా, చదవగలుగుతున్నామా అన్నది ఆయనే తేల్చుకోవాలని ఒక పరీక్ష చెప్పాను. 10 అడుగుల బోర్డుని పన్నెండో వంతుకి తగ్గిస్తే 10 అంగుళాలవుతుంది, అడ్డంగా పెట్టిన ఏ4 కాగితంలో పట్టేస్తుంది. దూరాన్ని కూడా పన్నెండో వంతు చేస్తే 100 అడుగులంటే 8 అడుగుల నాలుగు అంగుళాలు. అంటే కాగితాన్ని గోడకి అంటించి ఎనిమిదడుగుల పైచిలుకు వెనక్కి వెళ్లి నిలబడితే, సెంటర్ నుంచి బోర్డు చూసినట్టే. రోడ్డు అవతలి నుంచి చూసినట్టు ఉండాలంటే మూడడుగుల పైచిలుకు చాలు. ఒక్క రూపాయి ఫ్లెక్స్ ఖర్చు లేకుండా ఎన్ని రకాలైనా చూసుకోవచ్చు.

ఈ పరీక్షలో ఒక మోసం ఉంది. షాపు పేరు తెలిసినవాళ్లని అడిగితే అక్షరం కనపడకపోయినా చదివేస్తారు. ఊళ్లో అందరికీ ఆ పేరు తెలుసు. అందుకని ఆయన పేరు వదిలేసి, విడి అక్షరాల కాగితాలు చేశారు: భ, బ, ద, ద్ర, వి, వీ, ప, వ. సరుకు కోసం వచ్చిన పిల్లల్ని అంత దూరంలో నిలబెట్టి, కాగితాలు కలిపేసి ఒక్కోటి చూపించి "ఇదేంటిరా?" అని అడిగేవారు. చెప్పినవాడికి ఒక చాక్లెట్. తప్పు చెప్పినా చాక్లెట్ ఇచ్చారని తర్వాత తెలిసింది, అందుకే పిల్లలు అంతమంది వచ్చారు.

తేలింది ఇది. లావు అక్షరంలో "భ" కింద ఉండే చిన్న వత్తు అక్షరంలో కలిసిపోయింది. తలకట్టు ఉన్నా లేనట్టే ఉంది, చాలామంది "బ" అన్నారు. "వీ"లో గుడి చివర తిరిగే మెలిక పూడుకుపోయి "వి" అయింది. "ప" తీసుకుంటే, దాని తలకట్టుకి ఒంటికి మధ్య సన్న సందు ఉంటుంది. వ నుంచి దాన్ని వేరు చేసేది ముఖ్యంగా ఆ సందే. లావులో అది మూసుకుపోతే ప కాస్తా వ అవుతుంది. పచారీ సామాన్లు కాస్తా వచారీ సామాన్లయిన బోర్డులు మా చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో ఉన్నాయి.

చివరికి ఆయన తీసుకున్నది అనేక్ తెలుగు. అందులో లావుకి, వెడల్పుకి వేర్వేరు మెట్లు ఉంటాయి. వెడల్పు అక్షరం కావాలంటే లాగనవసరం లేదు, వెడల్పుగానే గీసిన అక్షరం దొరుకుతుంది, గుండ్రం చెడదు. లావులో మరీ చివరి మెట్టు కాకుండా, దానికి కొంచెం ముందుది ఎంచుకున్నారు.

గీతలు విప్పి సరిచేయడం

ఫాంట్‌ని అలాగే వాడి ఊరుకోవచ్చు. ఆయన ఊరుకోలేదు. "భ వత్తు ఇంకా కిందికి రావాలి" అన్నారు. అప్పుడు అక్షరాన్ని గీతలుగా మార్చడం చూపించాను. ఇంక్‌స్కేప్‌లో `Path > Object to Path` కొడితే అది ఇక టైపు చేసిన మాట కాదు, బొమ్మ. దాని చుట్టూ చుక్కలు వస్తాయి, ఒక్కో చుక్కని పట్టుకుని జరపొచ్చు.

మార్చే ముందు అసలు ఫైల్ వేరే పేరుతో దాచుకోమన్నాను. గీతలయ్యాక అక్షరదోషం కనిపిస్తే మళ్లీ టైపు చేయడానికి ఉండదు.

ఆయన ముట్టుకున్నవి నాలుగు. భ కింద వత్తుని అర అంగుళం కిందికి దించి, అక్షరం ఒంటికి తగలకుండా సందు ఉంచారు. వీ గుడి చివర మెలికని కొంచెం తెరిచారు. ద్ర కింద క్రావడి ద అడుగుకి మరీ దగ్గరగా ఉందని ముప్పావు అంగుళం దించారు. అది ఎడమ పక్కకి వంగి భ వత్తుకి తగలబోతుంటే ద్రని కుడికి జరిపారు. ణా మాత్రం వెడల్పు ఎక్కువ కాబట్టి రాకి దగ్గరగా తెచ్చారు. రా దీర్ఘం కింద సహజంగానే ఒక ఖాళీ ఉంటుంది. పక్క అక్షరం దూరమైతే ఆ ఖాళీ రెట్టింపై, "కిరా ణా" అని రెండు మాటల్లా కనిపిస్తుంది. స్కేలు పెట్టి అన్ని సందులూ సమానం చేస్తే ఇది పోదు, కంటితో సరిచూసుకోవాల్సిందే. ఆయన దీన్ని కొన్ని రోజులు సాగదీశారు. రాత్రి జరిపేవారు, పొద్దున్న ప్రింటు తీసి గోడకి అంటించేవారు, సాయంత్రానికి మళ్లీ జరిపేవారు. గీతలతో పనిచేసేటప్పుడు రాత్రి బాగున్నది పొద్దున్న బాగోకపోవడం మామూలే.

ఈ దశలో రెండు చోట్ల పని ఆగింది. మొదటిది, అక్షరాల చుట్టూ తెల్లటి అంచు పెట్టగానే, అక్షరం లోపల కూడా తెల్లగీతలు కనిపించాయి. కారణం తేలికే. ఫాంట్‌లో ఒక అక్షరం రెండు మూడు ముక్కలుగా ఉండొచ్చు, అవి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. నిండు రంగులో తెలియదు, అంచు గీయగానే ప్రతి ముక్కకీ అంచు పడుతుంది. ముక్కలన్నీ ఎంచుకుని `Path > Union` కొడితే ఒకే ఒంటి అక్షరం అవుతుంది. దీని బదులు `Combine` కొట్టారంటే ముక్కలు ఒకదానిమీద ఒకటి ఎక్కినచోట చిల్లులు పడే ప్రమాదం ఉంది. ఫ్లెక్స్ బోర్డుల్లో తలకట్టు దగ్గరో దీర్ఘం దగ్గరో చిన్న తెల్ల చిల్లు కనిపిస్తే చాలాసార్లు అదే కారణం. కోరల్‌డ్రాలోనూ అంతే, అక్కడ `Weld` వాడాలి.

రెండోది ఆ అంచే. మామూలుగా అంచు గీత సగం అక్షరం బయటికి, సగం లోపలికి వస్తుంది. అర అంగుళం అంచు పెడితే రెండు పక్కల నుంచీ పావేసి అంగుళం తినేస్తుంది. వత్తులు, మెలికలు అన్నీ సన్నబడిపోతాయి. అంచుని అక్షరం వెనక్కి పంపాలి. `Fill and Stroke` లో `Order` అనే చోట ఆ ఏర్పాటు ఉంది. ఇది చూశాక బాబాయ్ గారు కొంచెం ఆలోచించి అంచే తీసేశారు. నీడ కూడా పోయింది. నీడ సరిగ్గా ఒత్తులుండే చోటే పడుతుందని, పడి వాటిని పూడ్చేస్తుందని ఆయనకి అప్పటికే అర్థమైపోయింది.

మనవడి ఫోటో గురించి నేనేమీ అనలేదు. ఒకరోజు వచ్చి చూస్తే లేదు. దేవుడి బొమ్మ మాత్రం శ్రీ పైన అరచేయంత సైజులో ఉంది, బాగుంది.

రెండో వరస, రంగు

పెద్ద వరసలో కిందికి దిగేవి శ్రీ, భ వత్తు, ద్ర. ద్ర తర్వాత "కిరాణా"లో కిందికి దిగేది ఒక్కటి కూడా లేదు. అంటే కి, రా, ణా కింద 41 అంగుళాల చదునైన చోటు ఉంది. రెండో వరసని బోర్డు మధ్యలో పెట్టకుండా అక్కడికి తీసుకెళ్లారు: "బియ్యం · నూనె · పచారీ". అక్షరం ఒళ్లు మూడు అంగుళాలు, 30, 40 అడుగుల్లో చదవడానికి. ఆ వరసలో "బి" గుడి, "రీ" గుడి పైకి లేస్తాయి గానీ, పైన కిరాణా అడుగు చదునే కాబట్టి తగలవు. ఫోన్ నంబరు ఎడమ పక్కన, వీర కింద. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి ఆ నంబరుని షాపు ప్రవేశం దగ్గర బోర్డు మీద చూపించాలి. దాన్ని దగ్గరికొచ్చినవాళ్లే చదువుతారు కాబట్టి అడుగున అంగుళం ఎత్తులో వేశారు. పార్సిల్ కుర్రాళ్ల కోసం ఇంగ్లీషు పేరు ఎక్కడ పెట్టాలా అని తర్జనభర్జన పడి, దాన్ని షట్టర్ పక్క గోడకి మార్చారు. ఎలాగూ మన రాష్ట్రాల్లో షాపుల నిబంధనల ప్రకారం బోర్డు తెలుగులో ఉండాలి, వేరే భాష పెడితే అది తెలుగు కిందే రావాలి.

రంగు విషయంలో పడమటెండ నిర్ణయించింది. ఆయనకి పసుపు మీద ఎర్రక్షరాలు ఇష్టం. ఫ్లెక్స్ ఇంకుల్లో ఎండకి ముందు పోయేవి గులాబీ, పసుపు. ఆ రెండూ కలిస్తేనే ఎరుపు. రెండు వేసవులు తిరిగేసరికి వెలిసిన పసుపు మీద వెలిసిన ఎరుపు మిగులుతుంది. అందుకని పసుపు వెనకరంగుగా ఉంచి, అక్షరాలు నీలం కలిసిన నలుపు చేశాం. వెనకరంగు వెలిసి మీగడ రంగుకి వచ్చినా అక్షరం నిలబడుతుంది. ఇంక్‌స్కేప్‌లో రంగు స్క్రీన్ లెక్కలో ఉంటుంది కాబట్టి, ప్రింటు రంగు అంకెలు నా దగ్గర మార్చాను: నలుపు 100, నీలం 60. ఆయన తెచ్చిన పీడీఎఫ్‌లో నేను మార్చింది అది, ఫ్రేముకి మడవడానికి చుట్టూ రెండేసి అంగుళాల వెనకరంగు పెంచడం, అంతే.

ఫ్రేము మీద బిగించాక సెంటర్ నుంచి చూశాం. వీ స్పష్టంగా వీ, ద్ర స్పష్టంగా ద్ర. భ మాత్రం పొద్దున్న బాగానే ఉంది గానీ, సాయంత్రం సూర్యుడు ఎదురుగా పడినప్పుడు ఫ్లెక్స్ మెరిసి, వత్తు చుట్టూ ఉంచిన సందు కనిపించడం లేదు. గోడమీది కాగితం మెరవదు కాబట్టి ఆ పరీక్షలో ఇది బయటపడలేదు. బోర్డుని పైన రెండు అంగుళాలు ముందుకి వంచి బిగిస్తే మెరుపు కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. ఈసారి ప్రింటుకి వత్తుని ఇంకో పావు అంగుళం దించి, మెరుపు లేని ఫ్లెక్స్ మీద వేద్దామని అనుకున్నాం. ఫైల్ ఆయన దగ్గరే ఉంది. నిన్న ఫోన్ చేసి, వత్తు దించితే దాని కిందున్న ఫోన్ నంబరుని ఎంత జరపాలో అడిగారు. నంబరు వీర కిందే ఆగితే, భ కిందికి రాకపోతే, జరపనవసరం లేదన్నాను. "చివరి అంకె భ కిందికి వస్తోంది అబ్బాయ్, కొలిచాను" అన్నారు.